రిజిస్టర్‌లో 4.65, లేబుల్ మీద 4: ఏది నమ్మాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, బీఎస్సీ కెమిస్ట్రీ చదివి గోదావరి వైపు ఒక చిన్న పచ్చళ్ల యూనిట్‌లో ల్యాబ్ పనికి చేరాను. ఏడు నెలలైంది. వెనిగర్‌లో వేసిన పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి సీసాలు హోటళ్లకు ఇస్తాం. వెనిగర్ ఒకే వ్యాపారి దగ్గర కొంటాం, లేబుల్ మీద 4 శాతం అని ఉంటుంది. నాకు ముందు ఈ పని చూసిన బాబాయి గారు నేర్పినట్టే నెలకోసారి 4 గ్రాముల కాస్టిక్ సోడా బిళ్లలు తూచి, లీటరు నీళ్లలో కరిగించి, సీసా మీద 0.1 నార్మల్ అని రాస్తాను. 10 మి.లీ. వెనిగర్‌ను 100 మి.లీ.కి పలచన చేసి, అందులో 20 మి.లీ. తీసి టైట్రేషన్ చేస్తాను. మార్చిలో 13.9 మి.లీ. పట్టేది. ఆగస్టుకి 15.5 అయింది, లెక్క కడితే 4.65 శాతం. ఓనర్ గారు సంతోషించి, "నీళ్లు కలిపి నాలుగుకి తెద్దాం" అన్నారు. వంద లీటర్లకు పదహారు లీటర్లు కలిపి రెండు బ్యాచ్‌లు వేశాం. వ్యాపారి మాత్రం తన సరుకు ఎప్పుడూ నాలుగేనని ఒట్టేస్తున్నాడు. నిన్న ఒక హోటల్ వాళ్లు సీసాలో రసం మసకబారిందని ఫోన్ చేశారు. తప్పు నాదా, వ్యాపారిదా? పద్ధతే తప్పని చెబితే బాబాయి గారి పరువు పోతుంది, చెప్పకపోతే రేపు నా ఉద్యోగం పోతుంది. 0.01 గ్రాము వరకు తూచే త్రాసు తప్ప నా దగ్గర పెద్ద పరికరాలేమీ లేవు. పేరు వేయవద్దు.

సమాధానం: ముందు ఆ రిజిస్టర్ తెరవండమ్మా. మార్చి నుంచి ఆగస్టు వరకు రీడింగులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. కొత్త వెనిగర్ క్యాన్ విప్పిన తేదీల దగ్గర ఒక గుర్తు, కొత్త కాస్టిక్ ద్రావణం చేసిన తేదీల దగ్గర ఇంకో గుర్తు పెట్టండి. రీడింగ్ పైకి జరిగింది క్యాన్ మారినప్పుడా, ద్రావణం మారినప్పుడా? పాత క్యాన్ వెనిగరే కొత్త కాస్టిక్‌తో ఎక్కువ మి.లీ. అడిగిందంటే మారింది వెనిగర్ కాదు. ఎవరితో మాట్లాడే ముందైనా ఈ కాగితం మీ చేతిలో ఉండాలి.

నా అనుమానం కాస్టిక్ బిళ్లల డబ్బా మీదే. వ్యాపారి మాట నిజమై వెనిగర్ సరిగ్గా నాలుగు శాతమే అయితే, 15.5 మి.లీ. పట్టాలంటే మీ కాస్టిక్ బలం 0.1 కాదు, 0.086 దగ్గర ఉండాలి. అంటే మీరు తూచిన 4 గ్రాముల్లో అసలు సోడియం హైడ్రాక్సైడ్ 3.44 గ్రాములే. మిగిలిన అర గ్రాము పైచిలుకు ఏమిటి? నీళ్లూ కార్బొనేటూ. మార్చిలో డబ్బా కొత్తది, గాలి పొడిగా ఉంది. ఆగస్టుకి డబ్బా ఎన్నిసార్లు తెరిచారో, ఎంతసేపు తెరిచి ఉంచారో, బయట గోదావరి వానలు ఎలా ఉన్నాయో మీకే తెలుసు.

వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం మన వంటింట్లో చూస్తూనే ఉంటాం. కాస్టిక్ బిళ్లలు దానికి పదింతలు ఆత్రపువి. పళ్లెంలో వదిలేస్తే గాలిలో నీటిని లాక్కుని తామే అందులో కరిగి జిగురుగా పారతాయి. మీరు తూస్తుండగానే త్రాసు అంకె పైకి పాకడం గమనించే ఉంటారు. ఇక రెండోది బొగ్గుపులుసు వాయువు. సున్నపు తేటను ఒక గిన్నెలో ఉంచితే మర్నాటికి పైన తెల్లటి పొర కడుతుందే, ఆ పనే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే కార్బొనేట్ నీళ్లలో కరిగే రకం కాబట్టి ద్రావణంలో కంటికి కనబడదు. డబ్బాలో బిళ్లల మీద మాత్రం తెల్లటి పొడిలా పట్టి ఉంటుంది. సీలు తీయని డబ్బాలో కూడా కాస్టిక్ నూటికి నూరు ఉండదు, 97, 98 శాతం ఉంటుంది. మీ మార్చి అంకెను చూడండి: 13.9కి మీరు 4.17 శాతం అని రాసి ఉంటారు. కాస్టిక్ 97 శాతమే అనుకుని లెక్క కడితే అది 4.04కి దిగుతుంది. కాబట్టి తేడా మార్చిలోనే ఉంది, చిన్నది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఇందులో మిమ్మల్ని దెబ్బ తీసింది తేడా కన్నా దాని దిక్కు. క్షారం పలచబడితే అదే ఆమ్లాన్ని చంపడానికి ఎక్కువ మి.లీ. పడుతుంది. మీరు ఆ మి.లీ.లను 0.1తోనే హెచ్చవేస్తారు కాబట్టి వెనిగర్ ఘాటెక్కినట్టు కనబడుతుంది. ఉన్నదాని కన్నా తక్కువ చూపించే తప్పయితే మీరు నీళ్లు కలిపేవారు కాదు, సరుకు భద్రంగా ఉండేది. ఇది ఎక్కువ చూపించే తప్పు. అసలు బలం 4.03 అనుకుంటే, ఆ వెనిగర్‌కు వందకి పదహారు లీటర్లు కలిపితే 3.47కి దిగింది. మన ఆహార ప్రమాణాల్లో వెనిగర్‌కు కనీసం 3.75 శాతం ఆమ్లం ఉండాలి. నీళ్లు కలపడంతో మీ వెనిగర్ ఆ గీత కిందికి పోయిందన్నమాట.

అయితే ఇదంతా ఇప్పటికి నా ఊహ. కొలిస్తేనే తేలుతుంది. కొలవడానికి కావలసింది ప్రైమరీ స్టాండర్డ్, మన పాఠ్యపుస్తకాల భాషలో ప్రాథమిక ప్రమాణ పదార్థం. డిగ్రీలో దాని లక్షణాలు అయిదో ఆరో బట్టీపట్టి పరీక్షలో రాసి ఉంటారు. అవి ఎందుకున్నాయో మీ డబ్బాను చూస్తే అర్థమవుతుంది. టైట్రేషన్‌లో ఒక ద్రావణం బలం ఇంకో ద్రావణంతో తెలుసుకుంటాం. ఆ రెండోదాని బలం ఎలా తెలిసింది? మూడోదానితో. ఇలా పోతూ ఉంటే ఎక్కడో ఒకచోట "ఇది తూచాను, తూచినదంతా ఇదే పదార్థం" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగే పొడి ఒకటి ఉండాలి. కాస్టిక్ విషయంలో ఆ మాట చెప్పలేం, ఎందుకంటే తూచినదాంట్లో ఎంత కాస్టిక్, ఎంత నీరు అన్నది త్రాసుకు తెలియదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ అంతే, సీసా మూత తీస్తే పొగలు పోతాయి. అందుకే కాస్టిక్‌ను సుమారుగా తూచి, దాని నిజమైన బలాన్ని ప్రైమరీ స్టాండర్డ్‌తో కనుక్కుంటాం. 4 గ్రాములు తూచడం తప్పు కాదమ్మా, అక్కడితో ఆగిపోవడమే తప్పు.

క్షారానికి మనకు దొరికే స్టాండర్డులు ప్రధానంగా రెండు. ఒకటి మన కాలేజీ ల్యాబుల్లో అందరికీ పరిచయమైన ఆక్సాలిక్ ఆమ్లం, రెండోది పొటాషియం హైడ్రోజన్ థాలేట్. రెండోదాన్ని ల్యాబుల్లో కె.హెచ్.పి. అంటారు. ఆక్సాలిక్ చవక. కాకపోతే దాని స్ఫటికంలో రెండు నీటి అణువులు ఉంటాయి, లెక్కలో వాటిని కూడా కలిపే తూస్తాం. మరీ పొడి గాలిలో ఉంచినా, ఓవెన్‌లో పెట్టినా ఆ నీరు పోతుంది, అప్పుడు మన లెక్కా పోతుంది. పైగా విషం, పచ్చళ్ల యూనిట్‌లో ఎక్కడబడితే అక్కడ పెట్టే వస్తువు కాదు. కె.హెచ్.పి. కాస్త ఖరీదు, కానీ గాలిలో తేమ పట్టదు, 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టినా చెక్కు చెదరదు.

మీ త్రాసుకు కె.హెచ్.పి. మరో రకంగా కూడా అనుకూలం. దాని అణుభారం 204.22, ఒక్క అణువుకు ఒక్క కాస్టిక్ అణువు. ఆక్సాలిక్‌కు తుల్యభారం 63.04 మాత్రమే. పావు లీటరు 0.1 నార్మల్ ద్రావణానికి ఆక్సాలిక్ 1.58 గ్రాములు చాలు, కె.హెచ్.పి. అయితే 5.11 గ్రాములు వేయాలి. మీ త్రాసు 0.01 గ్రాము అటూ ఇటూ చూపిందనుకోండి. 1.58లో అది 0.6 శాతం తప్పు, 5.11లో 0.2 శాతమే. తుల్యభారం ఎక్కువ ఉండాలి అని పుస్తకం చెప్పేది ఇందుకే. ఒక ఫ్లాస్కుకు సరిపడా 0.4 గ్రాము విడిగా తూచే పద్ధతి పుస్తకాల్లో కనబడుతుంది, అది నాలుగు దశాంశాల త్రాసు ఉన్నవాళ్లకు. మీ త్రాసుతో అలా చేస్తే రెండున్నర శాతం తప్పు తూకంలోనే వచ్చేస్తుంది. మీరు ఎక్కువ తూచి, ద్రావణం చేసి, పిపెట్‌తో తీసుకోండి.

చేసే పని ఇది. అర లీటరు పైగా డిస్టిల్డ్ వాటర్ పది నిమిషాలు మరిగించి మూతపెట్టి చల్లార్చండి, అందులోని బొగ్గుపులుసు వాయువు పోవడానికి. ఎనలిటికల్ గ్రేడ్ కె.హెచ్.పి. 5.11 గ్రాములు చిన్న బీకరులో తూచి, ఆ నీళ్లతో కరిగించండి. తొందరగా కరగదు, కొంచెం వెచ్చబెట్టవచ్చు. పూర్తిగా చల్లారాక 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులోకి కడిగి పోసి గీత వరకు నింపి, తలకిందులు చేసి బాగా కలపండి. బలం 0.1001. కచ్చితంగా 5.11 రావాలని పొడి తీస్తూ వేస్తూ కూర్చోవద్దు, 5.18 వస్తే 5.18 అని రాసి లెక్క దానికి కట్టుకోండి.

మీరు ఆగస్టులో వాడిన అదే కాస్టిక్‌ను, పారబోయకుండా మిగిలి ఉంటే, బ్యూరెట్‌లో పోయండి. బ్యూరెట్‌ను ముందు ఆ కాస్టిక్‌తోనే తొలవాలి, కోనికల్ ఫ్లాస్కును మాత్రం నీళ్లతోనే. 20 మి.లీ. కె.హెచ్.పి. ద్రావణంలో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ రంగు అరనిమిషం నిలిచేదాకా టైట్రేట్ చేయండి. ఎర్రగా మెరిసే గులాబీ వచ్చిందంటే దాటిపోయారు. మొదటిది సుమారుకు, తర్వాత రెండు రీడింగులు 0.1 లోపు కలవాలి.

23.1 మి.లీ. వచ్చిందనుకోండి. 20ని 0.1001తో హెచ్చవేసి 23.1తో భాగిస్తే 0.0867. అదే మీ కాస్టిక్ బలం. ఇప్పుడు వెనిగర్ లెక్క మళ్లీ కట్టండి. 15.5ను 0.0867తో, తర్వాత ఎసిటిక్ ఆమ్లం అణుభారం 60.05తో హెచ్చవేస్తే 80.7 మిల్లీగ్రాములు. మీరు తీసిన 20 మి.లీ. పలచని ద్రావణంలో అసలు వెనిగర్ 2 మి.లీ.లే కాబట్టి, 100 మి.లీ.లో 4.03 గ్రాములు. వ్యాపారి ఒట్టు నిలబడింది.

అలా కాక కె.హెచ్.పి.కి 20.0 నుంచి 20.6 మధ్య పట్టిందనుకోండి, అప్పుడు కాస్టిక్ నిర్దోషి. 4.5 దాటిన వెనిగర్ నిజంగానే వచ్చి ఉంటుంది, లేకపోతే మీ 10 మి.లీ. పిపెట్‌లోనో పలచన చేయడంలోనో తేడా ఉంటుంది. వ్యాపారిని అడిగే ముందు ఒక్క మాట. టైట్రేషన్ మొత్తం ఆమ్లాన్ని లెక్కపెడుతుంది, అది ఎసిటిక్కా మరొకటా అని అడగదు. ఎవరైనా గంధకామ్లం కలిపినా అంకె పెరుగుతుంది. మిథైల్ వయొలెట్ చుక్కలు వేస్తే మామూలు వెనిగర్‌లో ఊదాగానే ఉంటుంది, ఖనిజామ్లం ఉంటే నీలం, పచ్చ వైపు తిరుగుతుంది. అనుమానం ఉంటే ఆ పరీక్ష బయటి ల్యాబ్‌లో చేయించండి.

సూచిక మార్చవద్దని కూడా చెబుతున్నాను. కాస్టిక్‌లో కార్బొనేట్ చేరినప్పుడు, ఫినాఫ్తలీన్‌తో ఆ కార్బొనేట్ సగం దారిలో, బైకార్బొనేట్ దగ్గరే ఆగిపోతుంది, మిథైల్ ఆరెంజ్‌తో అయితే చివరిదాకా పోతుంది. కాబట్టి ఒకే సీసాకు రెండు సూచికలతో రెండు బలాలు వస్తాయి. వెనిగర్ బలహీన ఆమ్లం, దాని సమాప్తి క్షారం వైపు ఉంటుంది కాబట్టి ఎటూ ఫినాఫ్తలీనే వాడాలి. స్టాండర్డైజ్ చేసేటప్పుడూ అదే వాడితే కార్బొనేట్ చేసే మోసం రెండుచోట్లా ఒకేలా ఉండి లెక్కలో కొట్టుకుపోతుంది. గులాబీ రంగు వచ్చి గబగబా వెలిసిపోతూ ఉంటే మాత్రం కార్బొనేట్ బాగా ఉందని అర్థం. అప్పుడు కొత్త డబ్బా కొని, బిళ్లల్ని మరిగించి చల్లార్చిన నీళ్లలో కరిగించండి.

ఇక ఓనర్ గారి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఎవరికీ చెప్పకుండా ఈరోజు నుంచి స్టాండర్డైజ్ చేసుకుంటూ పోవడం. అప్పుడు రిజిస్టర్‌లో 4.65 పక్కనే ఒక్కసారిగా 4.03 కనబడుతుంది. ఓనర్ గారు వ్యాపారి మీదికి వెళతారు, వ్యాపారి సొంత ల్యాబ్ కాగితం చూపిస్తాడు, అప్పుడు ప్రశ్న మీ దగ్గరికే తిరిగి వస్తుంది. ఈలోగా ఆ రెండు బ్యాచ్‌లు హోటళ్ల వంటింట్లో ఉంటాయి. ఈ దారి నేను వద్దనే అంటాను, మీ ఉద్యోగం కోసం కూడా.

రెండోది, కె.హెచ్.పి. రీడింగులు, మార్చి నుంచి రాసిన ఆ వరస కాగితం పట్టుకుని ఓనర్ గారి దగ్గరికి నేరుగా వెళ్లడం. తిట్టు తినవలసి రావచ్చు. కానీ ఆయనకు డబ్బు భాష అర్థమవుతుంది. నీళ్లు కలిపి మిగుల్చుకున్నది ఎంత, రెండు బ్యాచ్‌లు వెనక్కి వస్తే పోయేది ఎంత అని చెప్పండి. మూడోది, మీ మాటకు బలం చాలదనిపిస్తే, అదే క్యాన్ నుంచి ఒక సీసా వెనిగర్ సీలు చేసి ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపి, ఆ రిపోర్టుతో వెళ్లడం. ఖర్చు, నాలుగు రోజుల ఆలస్యం ఉంటాయి. ఈ నాలుగు రోజులూ ఆ బ్యాచ్‌లు బయటికి పోకుండా ఏదో ఒక కారణం చెప్పి ఆపాల్సి వస్తుంది, ఆ కారణం అబద్ధమైతే అదొక తలనొప్పి. నేనైతే రెండోదానితో మొదలుపెట్టి, ఓనర్ గారు నమ్మకపోతే ఆయన చేతనే మూడోది చేయిస్తాను.

సీసాల సంగతి టైట్రేషన్ ఒక్కదానితో తేలదు. మిరపకాయలోని నీరు బయటికి వచ్చి రసం ఇంకా పలచబడి ఉంటుంది. ఒక్కో బ్యాచ్ నుంచి రెండు సీసాలు తెరిచి, ముక్కలు, రసం కలిపి రుబ్బి పీహెచ్ చూడండి. 4 బఫర్, 7 బఫర్‌లతో సరిచేసిన మీటర్‌తోనే చూడాలి, కాగితంతో కాదు. గాలి తగలని సీసాలో, అందులోనూ వెల్లుల్లి ఉన్న చోట, బొట్యులిజం తెచ్చే క్రిమి పెరగకుండా 4.6 కన్నా కింద ఉండాలి. వెనిగర్ 3.47 ఉన్నా మీ సీసా ఆ గీత దాటే అవకాశం తక్కువేనని నా లెక్క, కానీ ముక్కలు ఎన్ని, రసం ఎంత అన్నది నాకు తెలియదు, కొలిచేదాకా వాటిని అమ్మవద్దు. రసం మసకబారడం ఈస్టు పెరగడం వల్ల కావచ్చు, అల్లం నుంచి దిగిన పిండి వల్ల కూడా కావచ్చు. హోటల్ వాళ్ల సీసా వెనక్కి తెప్పించుకోండి. మూత తీయగానే బుస్సుమందంటే అది పిండి కాదు.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో కాస్టిక్‌ను గాజు బిరడా ఉన్న సీసాలో పోసి సెలవులకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి బిరడా సీసాకు అతుక్కుపోయింది, పగలగొట్టాల్సి వచ్చింది. మీరు ప్లాస్టిక్ సీసా వాడండి. దాని మీద 0.1 అని రాయడం మానేసి, తేదీ, ఆ రోజు కనుక్కున్న బలం రాయండి. వాడకం రోజూ ఉంటే వారానికోసారి కె.హెచ్.పి.తో మళ్లీ చూడండి.

బాబాయి గారికి మాత్రం ఓనర్ గారి కన్నా ముందే ఫోన్ చేయండి. తప్పు పట్టడానికి కాదు, "కాస్టిక్ కలిపాక దేనితోనైనా సరిచూసేవారా" అని అడగడానికి. ఆయన ఆక్సాలిక్‌తో చూసేవారేమో, మీకు పని అప్పగించే హడావిడిలో ఆ ఒక్క ముక్క జారిపోయిందేమో. పాత రిజిస్టర్లలో "ఫ్యాక్టర్" అని ఒక గడి, అందులో 0.97, 0.96 లాంటి అంకెలు కనబడితే అంతే జరిగింది. అల్మరాలో వెనక ఎక్కడో పాత ఆక్సాలిక్ సీసా కూడా దొరకవచ్చు. దొరికితే మూత తీసి చూడండి. గాజుముక్కల్లా తేటగా ఉన్న స్ఫటికాలైతే వాడుకోవచ్చు, పైన సుద్దపొడిలా తెల్లబడి ఉంటే నీరు పోయినట్టే, దాన్ని పక్కన పెట్టి కె.హెచ్.పి.కే ఆర్డర్ ఇవ్వండి.